ఎఫ్‌డీ వడ్డీలో మిగిలేదెంత? పన్ను లేని బాండ్లు ఎవరికి లాభం?

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి మన ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేకమైన రేటు లేదు. షేర్ల మీద లాభానికి ఉన్నట్టు 12.5 శాతమో, మరొకటో విడిగా ఉండదు. జీతానికి వడ్డీని కలిపి, ఆ మొత్తం ఏ శ్లాబులో పడితే ఆ శ్లాబు పన్నే వేస్తారు. కంపెనీల బాండ్లు, ప్రభుత్వ బాండ్లు, రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండ్ల వడ్డీదీ ఇదే దారి. అందువల్ల ఒకే బ్యాంకులో, ఒకే రేటుకు డబ్బు వేసిన ఇద్దరికి చేతికి మిగిలేది ఒకటే కాదు. జీతం ఎక్కువున్న వారికి తక్కువ మిగులుతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 24 లక్షల రూపాయలు దాటిన ఆదాయం మీద పన్ను 30 శాతం. దానిపై 4 శాతం సెస్ కలిస్తే 31.2 శాతం. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి మొదలై రేటు 34.32 శాతానికి చేరుతుంది. రెండు కోట్లు దాటితే 39 శాతం. పాత విధానంలోనైతే పది లక్షలు దాటగానే 30 శాతం శ్లాబు వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో ఏడాదికి 40 లక్షల జీతం తీసుకుంటూ కొత్త విధానంలో ఉన్న ఒక ఉద్యోగి లెక్క చూద్దాం. ఆయన 7 శాతానికి పది లక్షల డిపాజిట్ వేసి, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకుంటున్నారనుకుందాం. విడతకు 17,500 చొప్పున ఏడాదికి 70,000 వస్తుంది. జీతమే పై శ్లాబును నింపేసింది కాబట్టి ఈ 70,000లో ప్రతి రూపాయి మీదా 31.2 శాతం పన్ను పడుతుంది. అది 21,840. చివరికి మిగిలేది 48,160. అంటే బ్యాంకు బోర్డు మీద 7 శాతం అని రాసి ఉన్నా ఆయనకు దక్కేది 4.8 శాతమే.

చాలామంది పొరబడేది ఇక్కడే. అరవై ఏళ్లలోపు వారికి ఒక బ్యాంకు ఇచ్చే వడ్డీ ఏడాదికి 50,000 దాటితే బ్యాంకు 10 శాతం టీడీఎస్ మినహాయిస్తుంది. ఈ ఉద్యోగి విషయంలో అది 7,000. బ్యాంకే పన్ను కట్టేసింది కదా అని ఊరుకుంటే ఇంకా 14,840 బాకీ ఉన్నట్టే. టీడీఎస్ ముందస్తుగా జమచేసే సొమ్మే తప్ప పూర్తి పన్ను కాదు. డిపాజిట్లను ఒకే బ్యాంకు వేర్వేరు శాఖల్లో వేసినా లాభం లేదు, అన్నింటి వడ్డీనీ బ్యాంకు కలిపే చూస్తుంది. నాలుగు బ్యాంకుల్లో విడగొడితే టీడీఎస్ తప్పవచ్చు గానీ పన్ను తప్పదు. ఆ వడ్డీ వివరాలను బ్యాంకులు ఆదాయపు పన్ను శాఖకు పంపుతాయి, అవి పాన్ నంబరు కింద వార్షిక సమాచార నివేదికలో కనబడతాయి.

బాకీ పన్ను పదివేలు దాటితే దాన్ని రిటర్ను వేసేదాకా ఆపకూడదు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలోగా అడ్వాన్స్ ట్యాక్స్ విడతలుగా కట్టాలి. మన ఉద్యోగి ఏ విడతా కట్టకుండా జూలైలో రిటర్నుతో పాటు 14,840 కడితే, ఆలస్యానికి నెలకు ఒక శాతం చొప్పున వేసే వడ్డీ రెండు పద్దుల కింద కలిపి 1,300 పైచిలుకు అవుతుంది. దీన్ని తప్పించుకునే సులువైన మార్గం ఒకటుంది. డిపాజిట్ వడ్డీ ఇంత వస్తోందని ఏడాది మధ్యలోనే కంపెనీకి రాసి ఇస్తే, ఆ పన్నును కూడా కలిపి జీతంలోనే కోసుకుంటారు. ఈ వెసులుబాటును ఇంకా ఎక్కువమంది వాడుకోవాలి.

వడ్డీ మధ్యలో తీసుకోకుండా చివర్లో ఒకేసారి తీసుకునే క్యుములేటివ్ డిపాజిట్లలోనూ పన్ను వాయిదా పడుతుందని ఆశించడం మంచిది కాదు. చేతికి రాకపోయినా బ్యాంకు ఏటా వడ్డీ లెక్కగట్టి టీడీఎస్ మినహాయిస్తుంది. ఏ ఏటి వడ్డీ ఆ ఏడాదే చూపకపోతే నివేదికలోని అంకెలకూ, రిటర్నుకూ పొంతన కుదరదు. ఐదేళ్ల పన్ను ఆదా డిపాజిట్ పేరు చూసి కూడా మోసపోకూడదు. పాత విధానంలో అందులో వేసిన అసలుకు మినహాయింపు ఉందే తప్ప దాని వడ్డీకి పూర్తి పన్ను ఉంది. ఇల్లో స్థలమో అమ్మినప్పుడు కొనే మూలధన లాభాల బాండ్లదీ అంతే.

డిపాజిట్‌ను భార్య పేరిట వేస్తే తగ్గుతుందా? తగ్గదు. భర్త ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు, భార్య ఇచ్చినా అంతే. పెద్దవాళ్లైన తల్లిదండ్రులకు ఇస్తే మాత్రం ఆ వడ్డీ వారి ఆదాయమే అవుతుంది. వారికి వేరే రాబడి పెద్దగా లేకపోతే పన్ను పడకపోవచ్చు కూడా. అయితే డబ్బు నిజంగా వారిదైపోతుంది, వెనక్కి అడిగే హక్కు ఉండదు. కుటుంబంలో దీని మీద స్పష్టత లేకుండా పన్ను కోసం మాత్రమే ఈ పని చేయడం తగదు.

ఇక పన్నే లేని వడ్డీ సంగతి. మొదట చెప్పాల్సింది పీపీఎఫ్. ప్రస్తుతం 7.1 శాతం వడ్డీ, దాని మీద రెండు విధానాల్లోనూ పన్ను లేదు. 31.2 శాతం కట్టే వ్యక్తికి ఇంత మిగలాలంటే డిపాజిట్ 10.3 శాతం ఇవ్వాలి, అలాంటి బ్యాంకు దొరకదు. కానీ ఏడాదికి లక్షన్నరే పరిమితి, గడువు పదిహేనేళ్లు. మైనరు పిల్లల పేరిట ఖాతా తెరిచినా తండ్రి ఖాతాతో కలిపి ఆ లక్షన్నరే. పై శ్లాబులో ఉన్నవారు ముందుగా ఈ గిన్నె నింపుకోవడమే తెలివైన పని.

అంతకు మించిన సొమ్ముకు మిగిలేవి పన్ను లేని బాండ్లు. జాతీయ రహదారుల సంస్థ, ఐఆర్ఎఫ్‌సీ, ఆర్ఈసీ, పీఎఫ్‌సీ, హడ్కో, నాబార్డ్ వంటి ప్రభుత్వ సంస్థలు వీటిని 2016 దాకా పది, పదిహేను, ఇరవై ఏళ్ల గడువుతో జారీ చేశాయి. ఆ తర్వాత ప్రజలకు కొత్త జారీలు రాలేదు. ఇప్పుడు కావాలంటే డీమ్యాట్ ఖాతాతో ఎన్ఎస్ఈ, బీఎస్ఈల్లో షేర్లలాగే వేరేవారి దగ్గర కొనాలి. వీటి వడ్డీ ఏడాదికోసారి వస్తుంది. పూర్తిగా పన్ను లేనిది.

చిక్కంతా ధరలో ఉంది. ముఖవిలువ 1,000, కూపన్ 8.5 శాతం, ఇంకా నాలుగేళ్ల గడువున్న బాండు 1,105కు దొరుకుతోందనుకుందాం. ఏటా 85 రూపాయలు పన్ను లేకుండా వస్తుంది. 85ను 1,105తో భాగించి 7.7 శాతం వస్తోందని సంబరపడితే పెద్ద పొరపాటు. గడువు తీరాక సంస్థ ఇచ్చేది 1,000 మాత్రమే. పైన పెట్టిన 105 పోయినట్టే. దాన్నీ లెక్కలోకి తీసుకుంటే మెచ్యూరిటీ దాకా వచ్చే అసలు రాబడి ఏడాదికి 5.5 శాతం. ఆ పోయిన 105ను వడ్డీ ఆదాయం నుంచి తగ్గించుకోవడానికి వీల్లేదు.

అలాంటి బాండ్లు 900 కొన్నారనుకుందాం. ఖర్చు 9,94,500. నాలుగేళ్లలో వడ్డీ 3,06,000, చివర్లో ధరలో పోయేది 94,500, నికరంగా మిగిలేది 2,11,500. అదే సొమ్మును 7 శాతం డిపాజిట్లో వేసి, ఏటా వడ్డీ తీసుకుని 31.2 శాతం పన్ను కడితే నాలుగేళ్లకు 1,91,600 దాకా మిగులుతుంది. బాండుదే పైచేయి, తేడా సుమారు 20,000. ఆదాయం రెండు కోట్లు దాటి 39 శాతం కట్టేవారికి ఆ తేడా 41,000 దాటుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది. సెస్‌తో 20.8 శాతం పన్ను పోగా డిపాజిట్లో 2,20,500 మిగులుతుంది, పన్ను లేదని బాండు కొంటే తొమ్మిది వేలు నష్టం. ఈ అంకెలన్నీ ఇక్కడ తీసుకున్న ధర మీద, 7 శాతం రేటు మీద ఆధారపడ్డవే. ధర పెరిగితే బాండు లాభం కరిగిపోతుంది.

అందుకే కొనేముందు ఒక్క భాగహారం చేసుకోవాలి. మెచ్యూరిటీ రాబడిని, వంద రూపాయల వడ్డీలో పన్ను పోగా మిగిలే వాటాతో భాగించాలి. 31.2 శాతం కట్టేవారికి ఆ వాటా 0.688. 5.5ను దాంతో భాగిస్తే 8 వస్తుంది. అంటే ఆ గడువుకు ఏ మంచి బ్యాంకైనా 8 శాతం ఇస్తుంటే బాండు అక్కర్లేదు.

మార్కెట్లో కొనేటప్పుడు మరో రెండు మెలికలున్నాయి. తెర మీద కనిపించే ధరలో, చివరిసారి వడ్డీ చెల్లించిన నాటి నుంచి పోగైన వడ్డీ కూడా కలిసి ఉంటుంది. 85 రూపాయలిచ్చే బాండులో తొమ్మిది నెలలు గడిస్తే ఆ భాగమే 64 దాకా ఉంటుంది. ఇది తెలియక రెండు బాండ్ల ధరలను పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుదారి పడతారు. రెండోది, చాలా సిరీస్‌లలో రోజుకు నాలుగైదు చేతులు కూడా మారవు. ఎంత ధరకైనా కొనమని ఆర్డరు పెడితే ఎవరో పెట్టిన అధిక ధరకు తగులుకుంటుంది. లిమిట్ ధర పెట్టి ఓపిగ్గా ఆగాలి. అమ్మేటప్పుడూ ఇదే ఇబ్బంది కాబట్టి, మధ్యలో అవసరం పడే డబ్బును వీటిలో పెట్టకూడదు. ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఆ లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుంది. పన్ను లేనిది వడ్డీకే. కొన్ని సిరీస్‌లలో మొదట కొన్న చిన్న మదుపరులకు ఇచ్చిన అదనపు వడ్డీ చేతులు మారాక రాదు, కనుక కొనేవారికి వర్తించే కూపన్ ఎంతో చూసుకోవాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఎన్ఆర్ఈ డిపాజిట్ ఉంది. దాని వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు, టీడీఎస్ కూడా లేదు. అయితే అమెరికాలో స్థిరపడినవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడి రిటర్నులో చూపాలి గనుక ఈ వడ్డీ మీద అక్కడ పన్ను పడుతుంది. గల్ఫ్ దేశాల్లో జీతానికే పన్ను లేని వారికి మాత్రం ఇది నిజంగా పన్ను లేని వడ్డీ. ఇండియాకు తిరిగొచ్చి స్థిరపడినప్పుడు ఆ సంగతి బ్యాంకుకు చెప్పి ఖాతాను మార్పించుకోవాలి, అప్పటి నుంచి ఆ వడ్డీ కూడా మామూలు డిపాజిట్ వడ్డీలాగే శ్లాబులో కలుస్తుంది.