తొంభై ఆరు రూపాయల అర్జీ

ప్రతి ఏటా జూలై మొదటి వారంలో ఆంధ్రప్రదేశ్‌లోని మున్సిపల్ ఆఫీసుల రెవెన్యూ విభాగానికి ఒకే రకం అర్జీలు వస్తుంటాయి. ఊళ్లో లేమనో, ఆస్పత్రిలో ఉన్నామనో, సర్వర్ పని చేయలేదనో, ఇన్నేళ్లుగా క్రమం తప్పకుండా కడుతున్నాం కాబట్టి ఈ ఒక్కసారికి అపరాధ రుసుం మాఫీ చేయమనో వాటిలో ఉంటుంది. చాలావాటికి జవాబే రాదు. రాసినవారికి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. కొన్నిచోట్ల నిర్లక్ష్యం కూడా ఉంటుంది, కాదనలేం. కానీ అసలు చిక్కు వేరే. ఎదుటి కుర్చీలో ఉన్న మనిషికి ఇవ్వడానికి అధికారం లేనిదాన్ని ఈ అర్జీలు అడుగుతున్నాయి.

లెక్క ఎలా పడుతుందో ముందు చూద్దాం. ఏపీ పట్టణాల్లో ఆస్తి పన్ను అర్ధ సంవత్సరానికి ఒకసారి కట్టాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న మొదటి భాగానికి గడువు జూన్ 30. రెండో భాగానికి డిసెంబర్ 31. గడువు దాటితే బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. జనం దీన్నే పెనాల్టీ అంటారు. హైదరాబాద్‌లో రేటు ఇదే, తేదీలే వేరు. జీహెచ్‌ఎంసీ గడువులు జూలై 31, అక్టోబర్ 15.

ఒక ఇల్లు తీసుకుందాం. ఏడాది పన్ను 9,600 రూపాయలు, అంటే అర్ధ సంవత్సరానికి 4,800. యజమాని జూన్ 30న కట్టాల్సింది మరిచిపోయి జూలై 4న తెర ముందు కూర్చున్నాడు. రేటు నెలవారీది కాబట్టి నాలుగు రోజుల ఆలస్యానికి కూడా నెల వడ్డీ పడుతుంది. 4,800లో 2 శాతం, 96 రూపాయలు. తెర మీద మొత్తం 4,896 కనిపిస్తుంది. ఆఫీసుకు ఆటోలో వెళ్లి వస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. కానీ ఇదే లెక్క షాపింగ్ కాంప్లెక్సుకు వేసి చూడండి. అర్ధ సంవత్సరానికి లక్షన్నర పన్ను ఉన్న భవనానికి ఆ నాలుగు రోజుల ఖరీదు 3,000 రూపాయలు. ఇక పట్టించుకోకుండా వదిలేస్తే ఏడాదికి 24 శాతం. నాలుగేళ్లు తిరిగేసరికి వడ్డీ దాదాపు అసలుతో సమానమవుతుంది.

ఈ 96 రూపాయలను ఎవరు వదలగలరు? వార్డు అడ్మిన్ సెక్రటరీకి ఆ అధికారం లేదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకూ, రెవెన్యూ ఆఫీసరుకూ లేదు. కమిషనరు గారు కూడా ఒక్క ఇంటి కోసం ‘పాపం’ అనుకుని వడ్డీ కొట్టేయలేరు. ఆ వడ్డీని ఆయన వేయలేదు, నిబంధన ప్రకారం సాఫ్ట్‌వేర్ వేసింది. కనికరంతో కొట్టేస్తే తర్వాత వచ్చే ఆడిట్ వాళ్లు ఏ ఉత్తర్వు మీద వదిలారని అడుగుతారు. చూపించడానికి కాగితం లేకపోతే ఆ సొమ్ము బాధ్యత అధికారి మెడకే చుట్టుకుంటుంది. అందుకే మంచి మనసున్న ఆఫీసరు కూడా మీ అర్జీ చదివి, తల ఊపి, పక్కన పెడతాడు.

వడ్డీ మాఫీ నిజంగా జరిగేది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతోనే. ఏపీలో 2025 మార్చిలో పాత బకాయిలు ఒకేసారి కట్టేవారికి వడ్డీలో సగం తగ్గించారు. తెలంగాణలో 2020 నుంచి ‘వన్ టైమ్ సెటిల్‌మెంట్’ పేరుతో పలుమార్లు 90 శాతం వడ్డీ మాఫీ ఇచ్చారు. అసలు మొత్తం, వడ్డీలో పదో వంతు కడితే బాకీ తీరినట్లే. అప్పటికే పూర్తి వడ్డీ కట్టేసినవారికి కూడా ఆ 90 శాతాన్ని రాబోయే పన్నులో సర్దుబాటు చేస్తామని 2024 మార్చి ఉత్తర్వులో చెప్పారు. ఈ సంగతి తెలియక ఊరుకున్నవారు చాలామందే ఉంటారు. ఈ పథకాలు ఏళ్ల తరబడి కట్టనివారిని కౌంటరుకు రప్పించడానికి పెట్టినవని మాత్రం గుర్తుంచుకోవాలి. నాలుగు రోజులు ఆలస్యమైనవాడు వాటి కోసం వేచి ఉంటే మిగిలేది నష్టమే. ఏళ్లపాటు ఎగ్గొట్టినవాడికి 90 శాతం మాఫీ, నాలుగు రోజులు జాగైన పెద్దాయనకు 96 రూపాయల వడ్డీ. ఇందులో న్యాయం ఎక్కడుందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అలాగని అర్జీ పెట్టడం దండగ కాదు. ఆఫీసరుకు దయ చూపే అధికారం లేకపోయినా తప్పు దిద్దే అధికారం ఉంది. వడ్డీ పొరపాటున పడిందని కాగితంతో చూపిస్తే సవరించడం ఆయన విధి. అలాంటప్పుడు ఆడిట్‌కు చూపించడానికి మీ కాగితమే ఆయనకు ఆధారం.

పొరపాట్లలో ఎక్కువగా ఎదురయ్యేది చెల్లింపు మధ్యలో ఆగిపోవడం. మన ఉదాహరణలోని యజమాని మరిచిపోలేదనుకుందాం. జూన్ 30 రాత్రి 9.40కి ఫోన్లో 4,800 కట్టాడు. బ్యాంకులో డబ్బు తెగింది. సైటు మాత్రం గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయింది, రసీదు రాలేదు. జూలై 4న చూస్తే పన్ను అలాగే ఉంది, పైన 96 కూడా చేరింది.

ఇక్కడ తేల్చుకోవాల్సిందల్లా ఆ 4,800 ఇప్పుడు ఎక్కడుందనేదే. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి జూన్ 30 తర్వాతి వరుసలు చూడాలి. రెండు మూడు రోజుల్లో అదే మొత్తం తిరిగి జమ అయి ఉంటే, ఎంత ప్రయత్నించినా, రికార్డు ప్రకారం మీరు కట్టనట్లే. ఆ కేసు గెలవడం కష్టం. డబ్బు తిరిగి రాకుండా, లావాదేవీ ‘సక్సెస్’ అని ఉంటే మాత్రం అది మున్సిపాలిటీ ఖాతా వైపు వెళ్లిందన్నమాట. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రెఫరెన్స్ నంబరు ఉంటుంది. ఆఫీసు అకౌంట్స్ విభాగం ఆ నంబరుతో తమ బ్యాంకు జమలను సరిపోల్చుకుంటుంది. దొరికితే లావాదేవీ జరిగిన తేదీతోనే జమ వేయాలి. అప్పుడు 96 దానంతటదే పోతుంది. తొందరపడి మళ్లీ కట్టేసినా సొమ్ము ఎక్కడికీ పోదు, ఎక్కువ కట్టిన మొత్తాన్ని తర్వాతి అర్ధ సంవత్సరానికి సర్దుబాటు చేయమని అడగొచ్చు.

రెండో పొరపాటు నంబరుది. ఒకే తండ్రి పేరు మీద మూడు పోర్షన్లు, మూడు అసెస్‌మెంట్లు ఉన్న ఇళ్లలో ఒకరి పన్ను మరొకరి నంబరుకు కట్టేస్తుంటారు. రసీదు గడువులోపే ఉంటుంది, జమ మాత్రం తమ్ముడి వాటాకు. ఇలాంటప్పుడు రసీదుతో పాటు ఆ రెండో యజమాని సమ్మతి కూడా జతచేస్తే పని తేలికవుతుంది.

మూడోది డిమాండే ఆలస్యంగా రావడం. కొత్తగా కట్టిన ఇంటికో, అదనంగా వేసిన అంతస్తుకో పన్ను కట్టి నోటీసు ఇచ్చింది జూలైలో, వడ్డీ లెక్క మాత్రం అంతకు ముందు నుంచి. ఇక్కడ నోటీసు మీకు అందిన తేదీయే కీలకం. నోటీసు తీసుకునేటప్పుడు సంతకం కింద తేదీ వేసే అలవాటు మనలో చాలామందికి లేదు. అది చేసుకోవాలి.

ఏ కారణమైనా ముందుగా సీడీఎంఏ సైటులో మీ అసెస్‌మెంట్ నంబరు కొట్టి డీసీబీ వివరాలు ప్రింటు తీసుకోండి. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ అనే మూడు గడుల పట్టిక అది. వడ్డీ ఏ అర్ధ సంవత్సరం మీద పడిందో అక్కడే తెలుస్తుంది. ఈ జూలై ఆలస్యానిదే అనుకున్నది మూడేళ్ల కిందటి చిన్న బాకీ మీద పెరుగుతూ వచ్చిందని ఒక్కోసారి అప్పుడు బయటపడుతుంది.

అర్జీ ఒక పేజీ దాటనక్కర్లేదు. ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

“గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: అసెస్‌మెంట్ నంబరు ఫలానా ఇంటికి మొదటి అర్ధ సంవత్సరం పన్నుపై వేసిన వడ్డీ రూ. 96 సవరణ గురించి. అయ్యా, పై ఇంటి పన్ను రూ. 4,800 జూన్ 30 రాత్రి 9.40 గంటలకు యూపీఐ ద్వారా చెల్లించాను. రెఫరెన్స్ నంబరు ఫలానా. సొమ్ము నా ఖాతా నుంచి వెళ్లింది, తిరిగి రాలేదు. రసీదు రాలేదు. జూలై 4 నాటి డీసీబీలో పన్నూ వడ్డీ బాకీగా చూపుతున్నాయి. బ్యాంకు జమలతో సరిచూసి, జూన్ 30 తేదీతో జమ వేసి, వడ్డీని తొలగించవలసిందిగా కోరుతున్నాను. జతపరిచినవి: బ్యాంకు స్టేట్‌మెంట్, డీసీబీ ప్రతి.”

ఇందులో ‘మాఫీ’ అనే మాట ఎక్కడా లేదు, గమనించండి. మాఫీ అని రాస్తే అర్జీ వెళ్లేది అధికారం లేని పనుల కట్టలోకి. ‘సవరణ’ అని రాస్తే ఎవరో ఒకరు రికార్డు తీసి చూడాల్సి వస్తుంది. నిజంగా మరిచిపోయి ఉంటే మాత్రం సవరణ అని రాయకండి. స్టేట్‌మెంటు అడగ్గానే తేలిపోతుంది.

అర్జీని ఇన్‌వార్డులో ఇచ్చి, మన ప్రతి మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలి. నేరుగా సెక్రటరీ చేతికిచ్చి వస్తే అది ఎక్కడుందో ఆయనకే గుర్తుండదు. కదలిక లేకపోతే సోమవారం గ్రీవెన్స్ ఉంది. ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ ఇన్‌వార్డు నంబరు చూపించి అడగొచ్చు.

ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. గొడవ తేలేదాకా పన్నే కట్టనని భీష్మించుకోవడం. జూలై దాటితే ఆ 96 కాస్తా 192 అవుతుంది. అసలు 4,800 మాత్రమే కట్టి 96 వదిలేసినా చిక్కే. కట్టిన సొమ్ము సాధారణంగా ముందు పాత బాకీకి, వడ్డీకి పోతుంది. డీసీబీలో చిన్న బ్యాలెన్స్ మిగిలిపోతుంది. రేపు ఇల్లు అమ్మినప్పుడో, పిల్లల పేరుకు మార్చుకునేటప్పుడో బకాయి ఉందని దరఖాస్తు ఆగేది ఆ చిల్లర దగ్గరే. డబ్బు తెగకుండా కేవలం వడ్డీ మీదే తగాదా ఉంటే, మొత్తం కట్టేసి, ‘వడ్డీపై నా అభ్యంతరానికి లోబడి చెల్లించాను’ అని అర్జీలో రాయండి. నెగ్గితే తర్వాతి పన్నులో జమ అడగొచ్చు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అక్కడ పన్ను వసూలు చేసేది కౌంటీ. గడువులు డిసెంబర్ 10, ఏప్రిల్ 10. ఒక్క రోజు దాటినా ఏకంగా 10 శాతం జరిమానా. మనకంటే ఎంతో కఠినం. కానీ ఆలస్యానికి తగిన కారణం ఉండి, అది తన చేతిలో లేని పరిస్థితి వల్లనేననీ, తగిన జాగ్రత్త పడినా తప్పలేదనీ చూపిస్తే జరిమానా రద్దు చేసే అధికారాన్ని చట్టమే వసూలు అధికారికి ఇచ్చింది. ‘మరిచిపోయాను’ అంటే అక్కడా చెల్లదు. ఆస్పత్రి కాగితాలకు మాత్రం విలువ ఉంటుంది.

మన దగ్గర ఆస్పత్రి కాగితాలకు ఆ విలువ లేదు. ఉండాలని నా అభిప్రాయం. పదిరోజుల లోపు ఆలస్యానికి, ఆధారం చూపినవారికి, మూడేళ్లుగా బాకీ లేనివారికి ఆ నెల వడ్డీ వదిలే అధికారం కమిషనరుకు ఇస్తూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే ఖజానాకు పోయేది చిల్లరే. అది వచ్చేదాకా, నిజంగా మరిచిపోయినవారు 96 కట్టేసి రసీదు దాచుకోవడం మేలు. కట్టినా వడ్డీ పడినవారు మాత్రం స్టేట్‌మెంట్ జతచేసి ఈ వారమే అర్జీ ఇవ్వండి.