ఒకే సీజన్, రెండు వేసవులు

అమెరికన్ టీవీ సీరియళ్లలో సీజన్ మధ్యలో కొన్ని వారాలు విరామం ఇవ్వడం మామూలే. ‘ది వాకింగ్ డెడ్’ రెండో సీజన్ 2011 నవంబరులో ఆగి, 2012 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. ఇంత చిన్న విరామంతో సీజన్ లెక్క ఎవరికీ తప్పదు. చిక్కంతా విరామం ఏడాదికి సాగినప్పుడే.

‘బ్రేకింగ్ బ్యాడ్’ అయిదో సీజన్‌లో 16 ఎపిసోడ్లు. ఏఎంసీ ఛానల్ వాటిలో 8 ఎపిసోడ్లను 2012 వేసవిలో, మిగతా 8 ఎపిసోడ్లను 2013లో ప్రసారం చేసింది. డిస్కుల పెట్టెలు కూడా విడివిడిగానే వచ్చాయి: మొదటి సగం ‘ఫిఫ్త్ సీజన్’, రెండోది ‘ఫైనల్ సీజన్’. ఆ పెట్టెలను అల్మరాలో వరుసగా పేర్చుకున్నవారు ఆరు సీజన్లని అనుకుంటే తప్పు వారిది కాదు. పైగా ఉత్తమ డ్రామా ఎమ్మీ 2013లో మొదటి సగానికి, 2014లో రెండో సగానికి దక్కింది. అంటే ఒక్క సీజన్‌కే రెండుసార్లు.

అందుకే క్విజ్‌లో ‘ఓజిమాండియస్’ ఎన్నో ఎపిసోడ్ అని అడిగితే జవాబులు చీలిపోతాయి. సీజన్ మొత్తాన్ని లెక్కిస్తే 14వది, రెండో సగాన్నే లెక్కిస్తే 6వది. అధికారిక లెక్క మొదటిదే. అయితే ప్రశ్న రాసేవారు సీజన్‌ను వదిలి, సీరియల్ మొత్తంలో వరుస సంఖ్య అడగడం మేలు. 62 ఎపిసోడ్లలో అది 60వది. సీజన్‌ను ఎలా విడదీసినా ఆ అంకె మారదు.