ఐదు నక్షత్రాల మెమరీ కార్డు

మా పెద్దమ్మ కూతురి పెళ్లికి ఫోన్‌లో స్పేస్ చాలదని నేనే ఒక 512 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు ఆర్డర్ పెట్టాను. పేరున్న కంపెనీ బొమ్మ, 4.3 రేటింగ్, అసలు ధరలో పావు వంతు కూడా లేని రేటు. ఇంట్లో సీఎస్ఈ చదివేది నేనొక్కడినే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పెళ్లయిన పది రోజులకి అక్క ఫోన్ చేసింది. "జీలకర్ర బెల్లం దాకా ఫొటోలు వస్తున్నాయిరా, తర్వాతవి ఒక్కటీ ఓపెన్ కావట్లేదు."

జరిగింది ఇది. కార్డులో నిజంగా ఉన్నది 32 జీబీ. లోపలి కంట్రోలర్‌కి మాత్రం "నేను 512" అని చెప్పమని నేర్పారు. ఫోన్ ఆ మాట నమ్మి రాస్తూ పోతుంది. ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి లిస్టులో అన్నీ కనిపిస్తాయి. 32 దాటాక వచ్చిన డేటా మాత్రం ఎక్కడా పడదు. కొన్ని నకిలీ కార్డుల్లో అయితే పాత డేటా మీదే మళ్లీ రాసేస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాను. అసలు రాయనిదాన్ని అది మాత్రం ఎక్కడ నుంచి తెస్తుంది?

అప్పుడు కూర్చుని, కొనేముందు చదవాల్సిన రివ్యూలు కొన్నాక చదివాను.

ముందు వాటిని తేదీ వరుసలో పెట్టాను. నెలల తరబడి ఒకటీ అరా, తర్వాత నాలుగు రోజుల్లో గుంపుగా ఐదు నక్షత్రాలు. అన్నీ "నైస్ ప్రొడక్ట్, వాల్యూ ఫర్ మనీ" రకం. ఏ ఫోన్‌లో వేశారో, ఎంత నింపారో ఒక్కరూ రాయలేదు. ఇంకా కిందికి వెళ్తే అసలు విషయం దొరికింది: "గ్రిప్ బాగుంది", "కెమెరా దగ్గర కటింగ్ సరిగ్గా ఉంది". మెమరీ కార్డుకి గ్రిప్ ఏంటి? ఆ లింకులో ఒకప్పుడు ఫోన్ బ్యాక్ కవర్ అమ్మేవారు. టైటిల్, బొమ్మలు మార్చి కార్డు పెట్టారు, పాత రేటింగ్ అలాగే ఉండిపోయింది. నేను నమ్మిన 4.3లో సగం ఆ బ్యాక్ కవర్ సంపాదించిందే.

కొనుగోలు చేసినట్టు గుర్తు ఉన్న రివ్యూల్నీ గుడ్డిగా నమ్మలేం. ముందు కొనిపించి, ఐదు నక్షత్రాలు వేశాక డబ్బు యూపీఐలో వెనక్కి పంపే అమ్మకందారులు ఉన్నారు. అలా కొన్నవాళ్లకీ ఆ గుర్తు వస్తుంది.

ఇక కస్టమర్ ఫొటోలు. నన్ను పడేసింది ఇవే, "ఎవరో చేత్తో పట్టుకుని తీశారు కదా" అనుకున్నాను. జూమ్ చేస్తే ఒకదాంట్లో కార్డు మీద 128 అని ఉంది. ఇంకోదాంట్లో వెనక గోడకి ఉన్న ప్లగ్ పాయింట్ మన దేశంలోది కాదు. మూడో ఫొటోలో కంపెనీ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. వెతికితే దొరక్కుండా ఫొటోని తిప్పేశారు, అక్షరాలు కూడా తిరుగుతాయని మర్చిపోయారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, మళ్లీ సరిగ్గా తిప్పి, కార్డు వరకు క్రాప్ చేసి గూగుల్ లెన్స్‌లో వేస్తే వేరే దేశపు సైట్‌లో, వేరే కస్టమర్ రివ్యూ కింద అదే బొటనవేలు కనిపించింది.

లెన్స్‌లో ఏమీ దొరక్కపోతే ఫొటో అసలుదని కాదు. దొరికితే సరుకు నకిలీ అని కూడా వెంటనే అనలేం, ఒకే మనిషి రెండు చోట్ల పెట్టి ఉండొచ్చు. పైగా ఒకే లింకులో చాలామంది అమ్ముతుంటే నిజమైన ఫొటో ఇంకొకరి దగ్గర కొన్న అసలు కార్డుది కావచ్చు.

ఇంకో చిక్కు, నిజాయితీగా రాసిన రివ్యూ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఇలాంటి కార్డు మొదటి రోజు చక్కగా పనిచేస్తుంది. ఆ రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు, ఇంకా 32 జీబీ నింపలేదంతే. అందుకే ఇప్పుడు ఒకటి, మూడు నక్షత్రాల వాటిలో "రెండు నెలల తర్వాత" అని మొదలయ్యేవి ముందు చదువుతున్నాను.

కార్డు చేతికొచ్చాక లినక్స్‌లో ఇలా తేల్చుకోవచ్చు (రెండో మాట కార్డు ఉన్న ఫోల్డర్). కార్డు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి.

```
f3write /media/card
f3read /media/card
```

మొదటిది కార్డుని పూర్తిగా నింపుతుంది, రెండోది చదివి ఎంత నిలిచిందో, ఎంత పోయిందో చెబుతుంది. సెకనుకి 20 ఎంబీ రాసే కార్డైతే 512 జీబీ నింపడానికే ఏడు గంటలు, రాత్రి పెట్టి పడుకోవాలి. రిటర్న్ గడువు లోపే చేయాలి. విండోస్‌లో ఇదే పని H2testw చేస్తుంది.

నా డబ్బులు వెనక్కి వచ్చాయి. తలంబ్రాల ఫొటోలు మాత్రం చుట్టాల ఫోన్ల నుంచి అడుక్కుంటున్నాం. f3read స్క్రీన్ ఫొటోతో సహా ఒంటి నక్షత్రం రివ్యూ రాశాను. మొన్న ఆ లింకు తెరిస్తే ఇయర్‌ఫోన్స్ అమ్ముతున్నారు. వాటి కింద నా మెమరీ కార్డు రివ్యూ, దాని కింద పాత బ్యాక్ కవర్ గ్రిప్.