వేడికి చలించని ఒకటింబావు వోల్టు

ఫోన్ బ్యాటరీ నిండుతున్నప్పుడు లోపలి చార్జింగ్ చిప్ దాని వోల్టేజీని గమనిస్తూ ఉంటుంది. చాలా లిథియం బ్యాటరీలకు హద్దు 4.2 వోల్టులు. అది దాటితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, మరీ ఎక్కువైతే ప్రమాదం. అందుకే చిప్ అక్కడ ఆపాలి. కానీ 4.2 అయిందని దానికి ఎలా తెలుస్తుంది? కిరాణా కొట్టు తక్కెడలో తూకం రాయి ఉన్నట్టు, చిప్‌లోనూ పోల్చి చూసుకోవడానికి మారని వోల్టేజీ ఒకటి ఉండాలి. దాన్నే రిఫరెన్స్ అంటారు. అది ఒక శాతం తప్పితే బ్యాటరీ లెక్క 42 మిల్లీవోల్టులు తప్పినట్టే.

చిక్కేమిటంటే, సిలికాన్‌లో వేడికి మారనిది దాదాపు ఏదీ లేదు. ఎండలో ఆపిన కారులో వదిలేసిన ఫోన్‌కీ, ఏసీ గదిలోని ఫోన్‌కీ లోపలి ఉష్ణోగ్రతలో ఎంతో తేడా ఉంటుంది. పాత పద్ధతిలో దీనికి జీనర్ డయోడ్ వాడేవారు. వాటిలో వేడికి బాగా నిలకడగా ఉండేవి సుమారు 6 వోల్టుల దగ్గర పనిచేస్తాయి. 5 వోల్టుల సరఫరాతో నడిచే చిప్‌లో 6 వోల్టుల రిఫరెన్స్‌కు చోటెక్కడిది?

దారి చూపినవాడు ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఇంజినీరు డేవిడ్ హిల్బిబర్. 1964లో ఆయన ఈ ఆలోచనను ప్రకటించారు. నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లార్ దాన్ని ఒకే చిప్‌లో ఇమిడే సర్క్యూట్‌గా మలిచారు. 1974లో అనలాగ్ డివైసెస్ ఇంజినీరు పాల్ బ్రోకా దాన్ని మరింత సరళం చేశారు. ఇక్కడ చెప్పబోయేది బ్రోకా సర్క్యూట్ గురించే.

మారని వస్తువు కోసం వీరు వెతకలేదు. వేడికి ఒకటి తగ్గుతుంది, ఇంకొకటి పెరుగుతుంది. రెండింటి పోకడా ముందే తెలుసు. సరైన పాళ్లలో కలిపితే ఒకదాని తగ్గుదలను ఇంకొకదాని పెరుగుదల పూడ్చేస్తుంది.

తగ్గేది ట్రాన్సిస్టర్ బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఉండే వోల్టేజీ. ఒక స్థిరమైన కరెంటు ప్రవహించేలా చేస్తే, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది సుమారు 0.65 వోల్టులు. వేడెక్కేకొద్దీ ఎలక్ట్రాన్లు లోపలి అడ్డుగోడను తేలిగ్గా దాటుతాయి కాబట్టి, అదే కరెంటు తక్కువ వోల్టేజీకే వచ్చేస్తుంది. ఆ తగ్గుదల డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు.

పెరిగేది అంత సులువుగా కనబడదు. రెండు ట్రాన్సిస్టర్లు తీసుకుని, ఒకదాని ఎమిటర్‌ను రెండోదానికి ఎనిమిదింతల విస్తీర్ణంతో చేయాలి. రెండింటిలోనూ ఒకే కరెంటు పంపితే పెద్దదానికి కాస్త తక్కువ వోల్టేజీ చాలు. ఆ రెండు వోల్టేజీల తేడా 27 డిగ్రీల దగ్గర 53.8 మిల్లీవోల్టులు. ఈ తేడా ఏ ఫ్యాక్టరీలో చేశారన్నదాన్ని బట్టి మారదు. ప్రకృతి స్థిరాంకాలు, ఎనిమిదింతలు అనే నిష్పత్తి, ఉష్ణోగ్రత, ఈ మూడే దాన్ని నిర్ణయిస్తాయి. కెల్విన్లలో కొలిచిన ఉష్ణోగ్రతకు అది నేరుగా అనులోమంగా, డిగ్రీకి సుమారు 0.18 మిల్లీవోల్టుల చొప్పున పెరుగుతుంది.

ఒకటి 2 తగ్గితే ఇంకొకటి 0.18 మాత్రమే పెరుగుతోంది. కాబట్టి చిన్నదాన్ని దాదాపు 11.16 రెట్లు చేసి కలపాలి. ఆ పని రెండు రెసిస్టర్లు చేస్తాయి. పెద్ద ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గర పెట్టిన చిన్న రెసిస్టర్ మీద ఆ 53.8 మిల్లీవోల్టులు పడతాయి. అది ఒక కిలో ఓమ్ అయితే అందులో 53.8 మైక్రో ఆంపియర్లు ప్రవహిస్తాయి. రెండో ట్రాన్సిస్టర్‌లోనూ అంతే కరెంటు. రెండు కరెంట్లూ కలిసి కింద ఉన్న 5.58 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా భూమికి చేరతాయి. దాని మీద పడేది 0.6 వోల్టులు. దానిపైన చిన్న ట్రాన్సిస్టర్ బేస్ వోల్టేజీ 0.65 చేరితే మొత్తం 1.25.

ఇప్పుడు చిప్‌ను 77 డిగ్రీలకు వేడిచేద్దాం. ట్రాన్సిస్టర్ వోల్టేజీ 0.55కు దిగుతుంది. రెసిస్టర్ మీది వోల్టేజీ 0.70కు ఎక్కుతుంది. మొత్తం 1.25. సున్నాకు కింద 23 డిగ్రీలకు చల్లబరిస్తే మొదటిది 0.75, రెండోది 0.50. మొత్తం మళ్లీ 1.25.

రెసిస్టర్లూ వేడికి మారతాయి కదా? మారతాయి. పైగా చిప్ మీద రెసిస్టర్ విలువ అనుకున్నదానికి 20 శాతం అటూ ఇటూ రావడం కూడా మామూలే. కానీ పక్కపక్కన, ఒకే పదార్థంతో చేసిన రెండూ కలిసే మారతాయి. ఫలితాన్ని నిర్ణయించేది వాటి నిష్పత్తి మాత్రమే. సిలికాన్ మీద విలువలు తప్పినా, నిష్పత్తులు ఎంతో కచ్చితంగా వస్తాయి. ఈ సర్క్యూట్ బలమంతా అక్కడే ఉంది.

మొత్తం 1.25 దగ్గరే ఎందుకు ఆగుతుంది? ట్రాన్సిస్టర్ వోల్టేజీ గీతను చల్లదనం వైపు పరమశూన్యం దాకా పొడిగిస్తే అది ఆ విలువను చేరుతుంది. అక్కడ రెండోది సున్నా. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం, అంటే బ్యాండ్‌గ్యాప్, అలాగే పొడిగించినప్పుడు వచ్చే సుమారు 1.2 విలువకు ఇది దగ్గరగా ఉంటుంది. పేరు అక్కడి నుంచే వచ్చింది. దీనివల్ల ఇంకో మేలుంది. గది ఉష్ణోగ్రతలో మొత్తాన్ని ఆ విలువకు సరిచేస్తే, వేడికి మారే స్వభావం కూడా దాదాపు సరైపోతుంది. ప్రతి చిప్‌నూ వేడి ఓవెన్‌లో పెట్టి చూడనక్కర్లేదు.

అయినా ఇది సంపూర్ణం కాదు. ట్రాన్సిస్టర్ వోల్టేజీ కచ్చితమైన సరళరేఖలో తగ్గదు, కొద్దిగా వంగుతుంది. అందుకే ఫలితాన్ని ఉష్ణోగ్రతతో గీస్తే మధ్యలో ఎత్తుగా, రెండు చివర్లా కొన్ని మిల్లీవోల్టులు దిగిన విల్లు కనబడుతుంది. విల్లు కనిపిస్తే పాళ్లు కుదిరినట్టే. గీత కుడివైపు ఎగబాకుతుంటే 11.16 బదులు ఎక్కువ రెట్లు కలిపినట్టు, దిగజారుతుంటే తక్కువ కలిపినట్టు. రెండు కరెంట్లనూ సమంగా ఉంచే ఆంప్లిఫయర్ లోపం వల్ల అవి కొద్దిగా అసమమైతే, వోల్టేజీల తేడాలో వచ్చే ఆ చిన్న తప్పు కూడా 53.8 మిల్లీవోల్టులతోపాటు సుమారు 11 రెట్లవుతుంది.

మరో లోపం పూర్తిగా వేరే తరహాది. రెండు ట్రాన్సిస్టర్లలోనూ కరెంటు సున్నా అయితే తేడా కూడా సున్నా. సర్క్యూట్‌కు అదీ సమ్మతమైన స్థితే. అందులో చిక్కుకుంటే సరఫరా ఉన్నా రిఫరెన్స్ లేవదు. మొదట చిన్న కరెంటు పంపి దాన్ని కదిలించి, ఆ తరువాత తప్పుకునే స్టార్టప్ సర్క్యూట్ తప్పనిసరి. చలిలో, సరఫరా మెల్లగా పెరిగేటప్పుడు కూడా అది లేస్తుందో లేదో డిజైనర్లు పరీక్షిస్తారు.

నిలకడ వేరు, కచ్చితత్వం వేరు. ఆర్డుయినో ఊనోలో ఉండే ATmega328P చిప్‌లో బ్యాండ్‌గ్యాప్ నుంచి వచ్చే 1.1 వోల్టుల రిఫరెన్స్ ఉంది. కానీ తయారీదారు హామీ 1.0 నుంచి 1.2 వరకు. మీ చేతిలోని చిప్‌లో అది ఎక్కడుందో తెలియాలంటే, ప్రోగ్రాంలో analogReference(INTERNAL) రాసి, ఒకసారి analogRead చేయించి, AREF పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. అక్కడ 1.08 కనిపిస్తే మీ లెక్కల్లో 1.1 బదులు 1.08 వాడండి. ఆ చిప్‌కు ఆ అంకె వేసవిలోనూ చలికాలంలోనూ పెద్దగా మారదు కాబట్టి, ఒకసారి కొలిచి రాసుకున్న విలువతో ఏడాది పొడవునా నమ్మకంగా కొలవొచ్చు.