ఖాళీ క్యారేజీ, నిండు సీసా

సాయంత్రం నాలుగున్నరకి స్కూలు బస్సు దిగిన పిల్లవాడు సంచి సోఫా మీద పడేసి, బూట్లయినా విప్పకుండా బాత్రూమ్‌లోకి పరుగెత్తాడు. క్యారేజీ తీసి చూస్తే మెతుకు మిగల్లేదు. అయినా వస్తూనే ఆకలంటాడు. నీళ్ల సీసా మాత్రం పొద్దున నింపినది నింపినట్టే ఉంది.

వీటిలో ఏ ఒక్కటీ వింత కాదు. వారం పది రోజులు వరసగా కలిసి కనిపిస్తే మాత్రం ఆరా తీయాల్సిన సంగతి. స్కూలు బాత్రూమ్‌లో టీచర్ల కన్ను పడదు. ఏడిపించేవాళ్లు కాపు కాసే చోట్లలో అదొకటి. అక్కడికి వెళ్లే అవసరం రాకూడదని కొందరు పిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టరు. క్యారేజీ ఖాళీ అవుతుంది గానీ తిన్నది ఆ పిల్లవాడే అని నమ్మకం లేదు. కొత్త జామెట్రీ బాక్సు నెలలో రెండోసారి పోవడం, చొక్కా బొత్తాలు ఊడిపోవడం, "ఆటల్లో పడ్డాను" అనే దెబ్బలు ఎప్పుడూ జబ్బల మీదో వీపు మీదో ఉండటం కూడా ఇలాంటి ఆనవాళ్లే. ఆటలో పడితే మోకాళ్లు, మోచేతులు కదా దోక్కుపోయేది!

పిల్లలన్నాక కొట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు. అది వేరు, ఇది వేరు. ఈ తేడాని స్పష్టంగా చెప్పినవాళ్లలో ముందు వరుసలో ఉండే పేరు డాన్ ఓల్వేయస్. నార్వేలో పనిచేసిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తనని తాను కాపాడుకోలేని స్థితిలో ఉండటం. 1982 చివర్లో నార్వే ఉత్తర ప్రాంతంలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమై ఉంటాయన్న వార్తతో దేశం ఉలిక్కిపడింది. ఆ మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం బడులన్నిటిలో వేధింపుల మీద కార్యక్రమం మొదలుపెట్టింది. మూడో గుర్తే తల్లిదండ్రులు ఎక్కువగా మరిచిపోయేది. సమ ఉజ్జీల మధ్య జరిగితే అది తగాదా. నలుగురు ఒకడి మీద పడితే, తొమ్మిదో తరగతి వాడు ఆరో తరగతి వాడి మీద చెయ్యి వేస్తే, దాన్ని తగాదా అనడం కుదరదు.

ఒక ఏడో తరగతి అబ్బాయి సంగతి తీసుకుందాం. ఇది ఎవరో ఒక్కరి కథ కాదు, ఇలాంటి ఇళ్లలో మాటిమాటికీ వినిపించే వివరాలు కలిపి అల్లిన ఉదాహరణ. పొద్దున బడికి వెళ్లే ముందు వాడికి కడుపునొప్పి. డాక్టర్ చూసి, పరీక్షలు చేయించి, ఏమీ లేదన్నాడు. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అని తండ్రి తేల్చేశాడు. తల్లికి ఆ మాట నచ్చలేదు. వంటగదిలో వేలాడుతున్న క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుల మీద పెన్సిల్‌తో సున్నా చుట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలయ్యాక చూస్తే ఆదివారాలు ఖాళీ. అది ఊహించిందే. బుధవారాలు కూడా ఖాళీ! బుధవారం తండ్రికి సెలవు. ఆ రోజు అబ్బాయిని స్కూటర్ మీద దింపేదీ తెచ్చేదీ ఆయనే.

క్యాలెండర్ చెప్పింది చిన్న విషయం కాదు. బుధవారం కూడా అదే బడి, అదే లెక్కల సారు, అవే స్లిప్ టెస్టులు. కాబట్టి చదువు భయమో సారు బెత్తమో కారణమైతే బుధవారం కూడా నొప్పి రావాలి. మారింది ఒక్కటే, బస్సు. నొప్పి అబద్ధం అనుకోవడానికీ లేదు. భయపడిన పిల్లలకి కడుపు నిజంగానే నొప్పి పుడుతుంది. లెక్క ఎప్పుడూ ఇంత తేటగా తేలదు. ఒక్కోసారి పీఈటీ పీరియడ్ ఉన్న రోజుల దగ్గర తేలుతుంది, ఒక్కోసారి ట్యూషన్ దారి దగ్గర. అసలు తోటి పిల్లలు కాదు, ఒక టీచరే కారణమని తేలే ఇళ్లూ ఉంటాయి. అందుకే ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పేయకుండా ఏ రోజు, ఏ చోటు, ఎవరు ఉన్నప్పుడు అన్నది కొన్నాళ్లు గమనించడం మేలు.

ఇంత జరుగుతుంటే పిల్లవాడు నోరు ఎందుకు విప్పడు? పెద్దవాళ్లకి మింగుడుపడని సంగతి ఏమిటంటే, వాడి లెక్కలో చెప్పకపోవడమే తెలివైన పని. చెబితే నాన్న బడికొచ్చి కేకలేస్తాడు, మర్నాడు అదే బస్సులో అదే వెనక సీటు వాళ్ల మధ్య ఒక్కడే కూర్చోవాలి. ఫోన్లో ఏడిపిస్తున్నారంటే ముందు పోయేది తన చేతిలో ఫోనే. "అసలు నువ్వేం చేశావురా?" అన్న ప్రశ్న ఎలాగూ తప్పదు. వయసు పెరిగేకొద్దీ పెద్దలకి చెప్పడం తగ్గుతుందని, అమ్మాయిల కంటే అబ్బాయిలు తక్కువ చెబుతారని అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది. ఏడో తరగతి అబ్బాయి ఈ రెండు లెక్కల్లోకీ వస్తాడు.

"నిన్ను ఎవరైనా కొడుతున్నారా?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే వచ్చే జవాబు "లేదు". తలకి నూనె రాస్తూనో, స్కూటర్ మీద వెళుతూనో, కళ్లలో కళ్లు పెట్టి చూడని వేళ అడిగితే మాట సులువుగా వస్తుంది. ప్రశ్న కూడా మనుషుల గురించి కాకుండా చోట్ల గురించి ఉండాలి. మన ఉదాహరణలో తల్లి అడిగింది ఇదే: "బస్సులో ఎవరు ఎక్కడ కూర్చుంటారు నాన్నా?" వాడు చేత్తో గాలిలో సీట్లు గీసి చూపించాడు. ముందు ఎల్కేజీ పిల్లలు, మధ్యలో అమ్మాయిలు, వెనక నైన్త్ అన్నలు. "మరి నువ్వు?" అంటే కాసేపు ఆగి, "నిలబడతా" అన్నాడు. నలభై నిమిషాల ప్రయాణం, సీట్లు ఖాళీ ఉన్నా నిలబడాలి. కూర్చోబోతే బ్యాగు వెనక్కి వెళ్లిపోతుంది, క్యారేజీ బడి గేటు చేరేలోపే ఖాళీ అవుతుంది. పైగా వాళ్లు పెట్టిన ఒక పేరు ఉంది. అదేమిటో ఆ రాత్రి తల్లికి చెప్పలేదు.

ఆ క్షణంలో పెద్దల నోట వచ్చే మొదటి రెండు మూడు వాక్యాల మీదే తరవాతి సమాచారమంతా ఆధారపడి ఉంటుంది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నది ప్రశ్నలా వినిపించదు, నేరం మోపినట్టు వినిపిస్తుంది. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనడం చాలు. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం పెట్టకూడదు, దాన్ని నిలబెట్టుకోలేరు. దానికి బదులు "నీకు చెప్పకుండా ఏ అడుగూ వేయం" అని మాటివ్వొచ్చు. "నువ్వూ తిరిగి ఒక్కటివ్వు" అనేది మన ఇళ్లలో తాతయ్యల దగ్గర్నుంచీ వస్తున్న సలహా. నలుగురు తొమ్మిదో తరగతి వాళ్ల మీద ఏడో తరగతి పిల్లవాడు చెయ్యెత్తితే దెబ్బలు పెరుగుతాయి, ఆనక "ఇద్దరిదీ తప్పే" అని చెప్పడానికి బడికి సాకు దొరుకుతుంది. ఆ అబ్బాయిల ఇళ్లకి నేరుగా ఫోన్ చేయడం కూడా చాలాసార్లు బెడిసికొడుతుంది. ఏ తల్లీ తన కొడుకుది తప్పని ఫోన్లో ఒప్పుకోదు. గొడవ పెద్దవాళ్లదైపోయి పిల్లవాడు పక్కకి పోతాడు.

తరవాతి పని కాగితం మీద చేయాలి. ఏ తేదీ, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు. దెబ్బ ఉంటే ఫోటో. ఫోన్లో వచ్చిన మెసేజ్‌లైతే కోపంతో తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోవాలి. ఈ వివరాలతో క్లాస్ టీచర్‌కీ ప్రిన్సిపాల్‌కీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకుంటే "మా దృష్టికి రాలేదే" అనే మాటకి తావుండదు. "చర్య తీసుకోండి" అని ఊరుకుంటే ఏ చర్యా ఉండదు. ఈ తల్లిదండ్రులు అడిగినవి మూడు: తమ అబ్బాయికి ఆయా పక్కన ముందు సీటు ఇవ్వడం, వెనక సీటు అబ్బాయిలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, వారం తరవాత ఫలానా రోజున వచ్చి కలుస్తామంటే ఒప్పుకోవడం.

ప్రిన్సిపాల్ గారు మంచివాడే. అందరినీ గదిలోకి పిలిపించి షేక్‌హ్యాండ్ ఇప్పిస్తానన్నాడు. పెద్దమనుషుల పంచాయితీ పద్ధతి ఇది, బలం సమంగా ఉన్న తగాదాలో పనికొస్తుంది కూడా. వేధింపులో పనికిరాదు. నలుగురి ముందు నిలబడి "ఇప్పుడు ఫ్రెండ్స్‌మే సార్" అని ఈ పిల్లవాడు అనక తప్పదు. బయటికి వచ్చాక జరిగేదానికి సాక్షి ఉండడు. అందుకే విడివిడిగా మాట్లాడమని పట్టుబట్టాలి. ఫిర్యాదు ఎవరి నోటి నుంచి వచ్చిందో బయటపడకుండా, డ్రైవరో ఆయానో చూసి చెప్పినట్టుగా మాట్లాడితే ఇంకా మంచిది.

నిజానికి చూసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ బృందం టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి చూసింది. వేధింపు జరిగిన సందర్భాల్లో అత్యధికం తోటి పిల్లల కళ్ల ముందే జరిగాయి. అడ్డుపడ్డవాళ్లు తక్కువ. కానీ ఎవరైనా అడ్డుపడితే సగానికి పైగా సార్లు పది సెకన్లలో ఆగిపోయింది. మన బస్సులోనూ మధ్య సీట్ల అమ్మాయిలకి అంతా తెలుసు. ఆయా అడిగేదాకా వాళ్లు చెప్పలేదు, అడగ్గానే చెప్పారు.

బడి పట్టించుకోకపోతే పై మెట్లు ఉన్నాయి. సీబీఎస్ఈ తన బడులన్నిటికీ వేధింపుల నివారణ కమిటీ పెట్టుకోవాలని 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ బడుల్లో చదివేవాళ్లు కమిటీలో ఎవరెవరున్నారని రాసి అడగొచ్చు. ఏ బడి పిల్లలకైనా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 పనిచేస్తుంది. లైంగికంగా తాకడం, అలాంటి పనులు చేయించడం వంటివి ఉంటే అది బడి గదిలో తేలే విషయం కాదు. పోక్సో చట్టం కింద పోలీసులకి చెప్పి తీరాలి, దాచిన బడిదీ నేరమే అవుతుంది. పిల్లవాడు తిండీ నిద్రా మానేసినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి అన్నా వారం గడువుల కోసం ఆగకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు.

సీటు మారిన మర్నాటి నుంచి ఈ అబ్బాయికి దెబ్బలు ఆగాయి. కడుపునొప్పి పూర్తిగా పోలేదు. మూడో వారంలో క్యాలెండర్‌లో మళ్లీ రెండు సున్నాలు పడ్డాయి. ఈసారి అడిగితే వెంటనే చెప్పాడు: బస్సులో పెట్టిన పేరు క్లాసులోకి పాకింది, ఇంటర్వెల్‌లో ఆటకి ఎవరూ పిలవడం లేదు. కొట్టడం ఆగాక వెలి మొదలవడం మామూలే. కంటికి కనిపించదు కాబట్టి బడి దీన్ని ఫిర్యాదుగా కూడా తీసుకోదు. ఒక్క గట్టి స్నేహితుడున్న పిల్లలకి వేధింపుల దెబ్బ తక్కువగా తగులుతుందని పరిశోధకులు గమనించారు. ఆ ఒక్కణ్ణి సంపాదించడం ఇంటి నుంచే మొదలైంది. అదే బస్సులో రెండు స్టాపుల తరవాత ఎక్కే పిల్లవాణ్ణి ఆదివారం క్యారమ్స్‌కి పిలిచారు. తల్లి రాసిన రెండో ఉత్తరంలో ఈసారి కోరింది ఒక్కటే: సైన్స్ ప్రాజెక్టుకి జట్లు పిల్లలకే వదిలేయకుండా టీచరే కట్టి, ఆ ఇద్దరినీ ఒక జట్టులో వేయమని. టీచర్ అలాగే వేసింది.