అవ్వ చదివాకే చేవ్రాలు
ఇంగ్లీషు ఫిర్యాదులో తప్పులు పట్టిచ్చిన తెలుగు ప్రతి

హోసూరు: పెట్టె పోయింది అవ్వది. ఫిర్యాదు రాసింది మనవడు, అదీ ఇంగ్లీషులో. ‘‘ఏం రాసిండావో తెలియకుండా చేవ్రాలు ఎట్ల పెట్టేదిరా?’’ అని అవ్వ పట్టుబట్టారు. మనవడు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. అతను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే తల్లి నోటుపుస్తకం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని చదివి మూడు తప్పులు పట్టుకున్నారు.

సింగపూర్‌లోని కుమారుడి ఇంటి నుంచి వచ్చి బెంగళూరులో విమానం దిగితే బెల్టు మీద పెట్టె రాలేదు. విమానాశ్రయం దాటకముందే కౌంటరులో ఫిర్యాదు రాయించి, నంబరున్న పీఐఆర్ కాగితం తీసుకున్నారు. తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా ‘వెతుకుతున్నాం’ అన్నదే జవాబు. 22వ రోజున మనవడు లేఖ రాశాడు.

మొదటి తప్పు రంగు. ‘‘నల్ల పెట్టె అని రాసిండావే, అది నీలం కదా. పిడికి ఎర్ర రవికె గుడ్డ కట్టింటిని’’ అన్నారు అవ్వ. పీఐఆర్‌లో ఉన్నదీ నీలమే. రెండింటికీ పొంతన లేకుంటే కంపెనీ కొర్రీ వేయడానికి అదొక సాకు.

రెండోది ‘ఆలస్యమైన సామాను’ అనే మాట. ‘‘ఆలస్యం ఏందిరా, పోయిందని రాయి’’ అన్నారామె. అదే సరైన మాట. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాని సామానుకు పోయినట్టుగానే పరిహారం కోరవచ్చు. భారత్ 2009లో ఈ ఒప్పందంలో చేరింది. సామాను ఆలస్యంగా చేతికొస్తే మాత్రం, అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పగిలి వస్తే గడువు 7 రోజులే.

మూడోది ‘బట్టలు, ఇతర వస్తువులు’ అన్న ఒక్క ముక్క. అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. పట్టుచీరలు రెండు, నూలు చీరలు ఆరు, స్వెట్టరు, చెప్పులు, కోడలు కొనిచ్చిన రైస్ కుక్కరు. ఒక్కోదానికి ధర, కొన్న ఏడాది రాస్తే మొత్తం 38 వేల రూపాయలైంది. దొరికిన బిల్లులు జత చేశారు. 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు లక్షా 80 వేల రూపాయలు. అయితే అది పైహద్దు మాత్రమే, చేతికొచ్చేది రుజువైన నష్టమే. వాడిన వస్తువులకు కొత్త ధర కట్టరు.

కంపెనీకి వెళ్లింది ఇంగ్లీషు ప్రతే. పీఐఆర్, బోర్డింగ్ పాసు, సామాను చీటీ నకళ్లతో ఈమెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపారు. కంపెనీ ఒప్పుకోకుంటే రెండేళ్లలోపు కోర్టుకెక్కవచ్చు. వారం తిరిగేసరికి బ్యాంకు ఖాతా వివరాలు, మిగిలిన బిల్లులు అడుగుతూ జవాబొచ్చింది.

అదీ ఇంగ్లీషులోనే ఉంది. ‘‘దీన్నీ తెలుగులో రాసియ్యి, చదివినాకే ఖాతా నంబరు ఇస్తా’’ అన్నారు అవ్వ.