‘జిందాబాద్’ను ఇంగ్లీషులో ఏమనాలి? సభలో మాటకున్న బలం అనువాదంలో ఎక్కడ పోతుంది?

జూలూరుపాడు లాంటి అడవి అంచు ఊళ్లలో సభ అంటే ఎక్కువగా పోడు భూముల సంగతే. అక్కడ మాట్లాడింది హైదరాబాద్ ఇంగ్లీషు పత్రికకో, ఢిల్లీలోని కమిషన్‌కో చేరాలంటే ఎవరో ఒకరు ఇంగ్లీషులో రాసివ్వాలి. ఆ పని చాలాసార్లు ఇంట్లో చదువుకున్న పిల్లల మీదే పడుతుంది.

ఒక సభలో ఎవరైనా ఇలా మాట్లాడారనుకోండి: “చెట్టు కొట్టినవన్నరు, కేసు పెట్టిండ్రు. గుడిసె ఏసినవన్నరు, కేసు పెట్టిండ్రు. మేకలు మేపినవన్నరు, కేసు పెట్టిండ్రు. పట్టా అడిగితే మాత్రం, రేపు రమ్మన్నరు.”

చాలామంది దీన్ని ఒకే వాక్యంలో కుదించేస్తారు: “కేసెస్ వర్ ఫైల్డ్ ఫర్ కటింగ్ ట్రీస్, బిల్డింగ్ హట్స్ అండ్ గ్రేజింగ్ గోట్స్, బట్ పట్టాస్ వర్ డిలేడ్.” వ్యాకరణం బాగానే ఉంది, సమాచారమూ ఉంది. కానీ రెండు పోయాయి. మొదటిది, కేసు పెట్టినవాళ్లు మాయమయ్యారు. తెలుగులో ‘వాళ్లు’ అని విడిగా చెప్పకపోయినా ‘పెట్టిండ్రు’ చివర్లోనే వాళ్లున్నారు. ‘వర్ ఫైల్డ్’ అనగానే కేసులు వాటంతటవే పుట్టుకొచ్చినట్టు అయింది. రెండోది, మూడు దెబ్బలు ఒక జాబితాగా మారాయి. వినేవాళ్లకు మూడోసారికి ‘కేసు పెట్టిండ్రు’ అలవాటవుతుంది, నాలుగోసారీ అదే వస్తుందనుకుంటారు. అక్కడ ‘రేపు రమ్మన్నరు’ అని మాట తిరగడమే ఆ ప్రసంగంలో అసలు దెబ్బ.

అందుకని ఇలా రాయొచ్చు: “యూ కట్ ఎ ట్రీ, దే సెడ్, అండ్ దే ఫైల్డ్ ఎ కేస్. యూ బిల్ట్ ఎ హట్, దే సెడ్, అండ్ దే ఫైల్డ్ ఎ కేస్. యూ గ్రేజ్డ్ యువర్ గోట్స్, దే సెడ్, అండ్ దే ఫైల్డ్ ఎ కేస్. వుయ్ ఆస్క్‌డ్ ఫర్ అవర్ పట్టా, అండ్ దే సెడ్: కమ్ టుమారో.” ‘కేస్’ ప్రతిసారీ వాక్యం చివరే ఉండాలి, ‘టుమారో’ అన్నిటికన్నా చివర ఉండాలి. ‘పట్టా’ను పట్టాగానే వదిలేయండి. మన దేశంలో ఇంగ్లీషు చదివేవాళ్లలో చాలామందికి ఆ మాట తెలుసు.

అయితే పునరుక్తికీ ఒక హద్దుంది. తెలుగు సభలో ఒకే మాట ఎనిమిదిసార్లు వచ్చినా జనం ఊగిపోతారు. ఇంగ్లీషు కాగితం మీద నాలుగు దాటితే చదివేవాడికి విసుగొస్తుంది. వార్తకైతే కొన్ని తగ్గించొచ్చు. కోర్టుకో కమిషన్‌కో ఇచ్చే కాగితంలో మాత్రం ఒక్కటి కూడా తీయకూడదు, ఎందుకంటే అక్కడ ఒక్కో వాక్యం ఒక్కో ఫిర్యాదు.

నినాదాల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. తెలంగాణ ఉద్యమంలో వినిపించిన ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ తీసుకోండి. మూడూ ‘న’తోనే మొదలవుతాయి. రెండక్షరాలు, మూడక్షరాలు, తర్వాత ఐదక్షరాలు, అలా మెట్లెక్కుతూ పోతుంది. ‘వాటర్, ఫండ్స్, జాబ్స్’ అంటే మెట్లు దిగిపోయినట్టే. ప్రాస కోసం ‘వాటర్, వెల్త్, వర్క్’ అని పెట్టాలనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ డిమాండే మారిపోతుంది. నియామకాలంటే ఏదో ఒక పని కాదు, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికుల వాటా. 1985లో వచ్చిన 610 జీవో చుట్టూ ఏళ్ల తరబడి నడిచిన గొడవ అదే. కూలి పని కూడా ‘వర్క్’ కిందికే వస్తుంది కదా! నన్నడిగితే ‘అవర్ వాటర్, అవర్ ఫండ్స్, అవర్ జాబ్స్’ మేలు. పోయిన ప్రాస బదులు ‘అవర్’ మూడుసార్లు మోగుతుంది. నినాదంలో పైకి చెప్పని ‘మనవి’ అన్న మాటా బయటికొస్తుంది.

కొమరం భీమ్ పేరుతో గుర్తుండిపోయిన ‘జల్, జంగల్, జమీన్’ సంగతి వేరు. ఉర్దూ పలుకుబడిలో జమీన్‌లోని మొదటి అక్షరం ‘జే’, జల్, జంగల్‌లోది ‘జీమ్’. తెలుగు చెవికి మాత్రం మూడూ ఒకే ‘జ’. అంటే ఈ నినాదానికి తెలుగు నోట్లోనే ప్రాస ఇంకాస్త గట్టిపడింది. ‘వాటర్, ఫారెస్ట్, ల్యాండ్’ అంటే అదంతా పోతుంది. మొదటిసారి నినాదం పక్కన అర్థం రాసి, తర్వాత నినాదాన్నే వాడటం మంచిది.

ఇక ‘ఇంక్విలాబ్ జిందాబాద్’. ఈ నినాదాన్ని మౌలానా హస్రత్ మోహానీ ఇచ్చారని చెబుతారు. 1929లో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ ఢిల్లీ అసెంబ్లీలో ఇదే నినాదమిచ్చారు. ‘లాంగ్ లివ్ రెవల్యూషన్’ అని అనువదిస్తే అర్థం సరిపోతుంది, కానీ వరస తలకిందులవుతుంది. మన దగ్గర వేదిక మీది మనిషి ‘ఇంక్విలాబ్’ అంటాడు, జనం ‘జిందాబాద్’ అంటారు. ఇంగ్లీషులో ‘లాంగ్ లివ్’ ముందుకొస్తుంది కాబట్టి జనం అనాల్సిన మాట నాయకుడి నోట్లోకి పోతుంది. అందుకే నినాదాన్ని అలాగే ఉంచి, ఎవరు ఏ మాట అన్నారో రాయండి: “ఇంక్విలాబ్, షౌటెడ్ ద స్పీకర్. జిందాబాద్, ద క్రౌడ్ ఆన్సర్డ్.”